తిరుగు అనువాదం పట్టేదెంత?

డిప్రెషన్ లక్షణాలను గుర్తించడానికి డాక్టర్లు, పరిశోధకులు వాడే ప్రశ్నావళుల్లో పీహెచ్‌క్యూ-9 ఒకటి. అందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా కలిగిందో చెబితే, జవాబును బట్టి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 27కి 10 లేదా అంతకు మించి వస్తే ఇంకా లోతుగా పరీక్షించాలని సాధారణంగా భావిస్తారు. ఇంగ్లీషులో పుట్టిన ఇలాంటి ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చినప్పుడు ఒక్క మాట తేడా వచ్చినా ఈ లెక్క తప్పుతుంది.

అందుకే తిరుగు అనువాదం చేయిస్తారు. ముందు ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. ఆ రెండింటినీ పోల్చి ఒక ప్రతి తయారుచేస్తారు. మూల ప్రశ్నావళిని ఎన్నడూ చూడని వేరొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మారుస్తారు. ఆయనకు మూలం తెలిసి ఉంటే తెలుగులోని లోపాన్ని తెలియకుండానే సర్దేస్తాడు, తప్పు బయటపడదు.

ఒక జవాబును చూద్దాం. మూలంలో ‘సగం కంటే ఎక్కువ రోజులు’ అని అర్థమిచ్చే మాటకు 2 మార్కులు. దాన్ని ‘చాలా రోజులు’ అని రాశారనుకోండి. తిరిగి ఇంగ్లీషు చేస్తే ‘మెనీ డేస్’ అని వస్తుంది. సగం అన్న హద్దు పోయిందని వెంటనే తెలుస్తుంది. ‘వారం కంటే ఎక్కువ రోజులు’ అని దిద్దితే రెండు వారాల్లో సగమన్న లెక్క నిలబడుతుంది.

అయితే ఈ వలకు చిక్కని తప్పులూ ఉంటాయి. మొదటి ప్రశ్న ‘లిటిల్ ఇంటరెస్ట్’ గురించి, అంటే ఆసక్తి పెద్దగా లేకపోవడం గురించి. దాన్ని ‘పనులు చేయడంలో కొద్దిగా ఆసక్తి ఉండటం’ అని మక్కికి మక్కి దించితే, తిరుగు అనువాదంలో మళ్లీ ‘లిటిల్ ఇంటరెస్ట్’ అనే రావచ్చు. కాగితం మీద రెండూ సరిపోతాయి. తెలుగు మనిషి మాత్రం ‘కాస్తో కూస్తో ఆసక్తి ఉందా?’ అని అడుగుతున్నారనుకుంటాడు. ఆరోగ్యంగా ఉన్నవాడు ‘ఆ, రోజూ ఉంది’ అంటే అతనికి 3 మార్కులు పడతాయి! ‘ఏ పని మీదా పెద్దగా ఆసక్తి లేకపోవడం’ అంటే తిరిగొచ్చే ఇంగ్లీషు మాటలు మారతాయి గానీ అర్థం నిలుస్తుంది.

అంటే మాటలు అచ్చంగా తిరిగి రావడం మంచి అనువాదానికి రుజువు కాదు, మారి రావడం చెడ్డదానికీ రుజువు కాదు. అందుకే అనువాదకులు, వైద్యులు కలిసి కూర్చుని ఒక్కో తేడా అర్థానిదా, మాటదా అని తేలుస్తారు. తర్వాత ఆ ప్రతిని ముప్పై నలభై మంది మామూలు మనుషులకు ఇచ్చి, ‘ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది? మీ మాటల్లో చెప్పండి’ అని అడుగుతారు. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో వేరువేరుగా అడగడం మేలు. ‘కొద్దిగా ఆసక్తి’ లాంటి తప్పు దొరికేది అక్కడే.