ఇంటర్వ్యూలో ఏ మౌనం తీసేయాలి, ఏది ఉంచాలి?

ఇంటర్వ్యూ ఎడిటింగ్ మాటలతో మొదలవుతుంది. బొమ్మను పక్కన పెట్టి ముందు ఆడియోను వింటూ, అక్కరలేనిది కోసి, కథను ఒక వరుసలో పెట్టుకుంటారు. దృశ్యాల పని ఆ తర్వాతే. ముందే దృశ్యాలు అతికించుకుంటే, తర్వాత మాటలో ఒక్క ముక్క జరిగినా మొత్తం మళ్లీ సర్దుకోవాల్సి వస్తుంది.

ఒక చేనేత కార్మికుడి ఇంటర్వ్యూనే తీసుకుందాం. ఆయన మాటలు ఇలా రికార్డయ్యాయి: “అంటే... అదేంటంటే... మా నాన్న మగ్గం మీద కూర్చునేవాడు. ఆఁ... నేను... నేను పక్కన కూర్చుని... మరి... కండెలు అందించేవాణ్ణి.” తర్వాత నాలుగు సెకన్ల మౌనం. ఆపైన, “ఆయన పోయాక నేనే ఎక్కి కూర్చున్నా.” మొత్తం ఇరవై సెకన్లు.

మొదట్లోని “అంటే, అదేంటంటే” తీసేయడం తేలిక. క్లిప్ “మా నాన్న” దగ్గరే మొదలవుతుంది కాబట్టి అతుకే ఉండదు. “ఆఁ”, రెండుసార్లు వచ్చిన “నేను”లో ఒకటి, “మరి” కూడా పోతాయి. మిగిలేది సుమారు పద్నాలుగు సెకన్లు. నాలుగు సెకన్ల మౌనాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ముందున్నవి మాట కోసం వెతుక్కున్న ఆగుళ్లు, ఇది తండ్రిని తలుచుకున్న ఆగుడు. దీన్ని కోస్తే తర్వాతి వాక్యం బరువు పోతుంది. రెంటికీ తేడా వేవ్‌ఫామ్‌లో కనిపించదు, రెండూ అక్కడ సన్నని గీతలే. ముఖం చూస్తేనే తెలుస్తుంది. అందుకే మౌనాలన్నిటినీ ఒకే కొలతతో తీసేసే సాఫ్ట్‌వేర్‌కు ఈ పని పూర్తిగా అప్పగించలేం.

కోత ఎక్కడ పడాలన్నది చెవి తేల్చాలి. ప, బ, మ లాంటి అక్షరాలకు ముందు పెదవులు మూసుకుంటాయి. ప, త, క లాంటి వాటికి ముందైతే శబ్దం ఒక్క క్షణం దాదాపు ఆగిపోతుంది. కోతను దాచుకోవడానికి అది మంచి చోటు. కానీ తెలుగులో మాటలు అచ్చులతో ముగిసి, పక్క మాటలో కలిసిపోతుంటాయి. “మరి” తర్వాతి మాటతో కలిసిపోయి పలికితే దాన్ని విడదీయడం కుదరదు, అలాగే వదిలేయడం మేలు. ఇంకో ఇబ్బంది “వెళ్లి, తెచ్చి, చుట్టి” అంటూ సాగే వాక్యాలది. “చుట్టి” దగ్గర ఆపేస్తే గొంతు ఇంకా పైకే ఉంటుంది, విన్నవాళ్లకు మాట మధ్యలో తెగినట్టనిపిస్తుంది. క్రియ పూర్తై గొంతు దిగేదాకా ఆగాలి.

ఆగుళ్లను సున్నాకు తేకూడదు. వాక్యాల మధ్య ఊపిరి పీల్చుకునేంత జాగా, సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఎనిమిది పది ఫ్రేములు, మిగలాలి. లేకపోతే మనిషి తరిమినట్టు మాట్లాడుతున్నాడనిపిస్తుంది. షూటింగ్ రోజే ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది శబ్దం రికార్డు చేసుకుంటే, అతుకుల మధ్య ఖాళీలను దానితో నింపవచ్చు. అది లేకపోతే వెనక తిరిగే ఫ్యాన్ శబ్దం ప్రతి కోత దగ్గరా తెగుతుంది.

ఇప్పుడు బొమ్మ. “నేను” దగ్గర, “మరి” దగ్గర కోసినందువల్ల ముఖం రెండుసార్లు ఎగిరి పడుతుంది. రెండు అతుకులనూ ఒకే కటవే కప్పాలి. “నేను”కు కాస్త ముందు మొదలై “కండెలు” దాకా సాగే మూడు నాలుగు సెకన్ల మగ్గం షాట్ సరిపోతుంది. “అందించేవాణ్ణి” అనేసరికి మళ్లీ ముఖం తెర మీదకు రావాలి, ఎందుకంటే ఆ మౌనాన్ని ప్రేక్షకుడు ఆ కళ్లలో చూడాలి.

ఆ మగ్గం దృశ్యాన్నే రెండు షాట్లుగా చూపాలంటే కదలిక మీద కట్ చేయాలి. దూరపు షాట్‌లో చెయ్యి కండె కోసం బుట్ట వైపు సాగుతుంది, దగ్గరి షాట్‌లో కండెను అందుకుని నాడెలో పెడుతుంది. చెయ్యి కదలకముందే కోస్తే కట్ కనబడిపోతుంది, ఆగాక కోస్తే చప్పగా ఉంటుంది. కదలడం మొదలై, ఇంకా దారిలో ఉండగానే మార్చాలి. కన్ను చేతి వెంటే పరుగెత్తుతుంది కాబట్టి షాట్ మారిన సంగతి పట్టదు. ఒకే కెమెరా ఉన్నప్పుడు ఆ పనిని రెండోసారి చేయించి తీయాలి. చెయ్యి, వేగం రెండుసార్లూ ఒకటే కావాలి. రెండు షాట్ల కోణం దాదాపు ఒకటే అయితే ఎంత జాగ్రత్తపడ్డా బొమ్మ ఎగిరినట్టే కనిపిస్తుంది. కనీసం 30 డిగ్రీలైనా పక్కకు జరగాలనే పాత నియమం అందుకే పుట్టింది.

షాట్ ఎంతసేపు ఉండాలన్నది అందులో చూడాల్సిన దాన్ని బట్టి ఉంటుంది. మగ్గం, గుంట, కిటికీ, మనిషి అన్నీ ఉన్న దూరపు షాట్‌ను చదవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. నాడె ఒక్కటే ఉన్న దగ్గరి షాట్‌కు రెండు చాలు. అయితే నాడె అటు వెళ్లి ఇటు రావడం పూర్తికాకుండా కోస్తే ఆ రెండూ తక్కువే అనిపిస్తాయి.

హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1974 నాటి ‘ద కాన్వర్సేషన్’ ఎడిట్ చేస్తూ, తాను కట్ చేయాలనుకున్న చోటే నటుడు జీన్ హ్యాక్‌మన్ తరచూ రెప్ప వేస్తున్నాడని గమనించాడు. ఒక ఆలోచన ముగిసినప్పుడు రెప్ప పడుతుందని ఆయన వాదన. ఇంటర్వ్యూలో షాట్ ముగించే చోటు తేలనప్పుడు చెప్పే మనిషి రెప్పను చూడటం పనికొస్తుంది.

ఒక హద్దు మాత్రం దాటకూడదు. “ఏమో... అమ్ముడవుతాయేమో” అన్న తడబాటును తుడిచి “అమ్ముడవుతాయి” అని మిగిల్చితే, ఆ మనిషి చెప్పని మాటను చెప్పించినట్టవుతుంది.