ఎల్ఈడీ చూసేది వాటా, సర్వో చూసేది సమయం

ఆర్డుయినో ఊనో బోర్డులోని డిజిటల్ పిన్ను అయిదు వోల్టులైనా ఇస్తుంది, సున్నా అయినా ఇస్తుంది. మధ్యలో రెండున్నర ఇవ్వడం దానికి చేతకాదు. అందుకే ఎల్ఈడీ వెలుగు తగ్గించాలంటే దాన్ని సెకనుకు వందలసార్లు వెలిగించి ఆర్పుతాం. ఆ వేగాన్ని కన్ను పట్టుకోలేదు, మసక వెలుతురుగానే చూస్తుంది. ఇదే పల్స్ విడ్త్ మాడ్యులేషన్.

6వ పిన్ను వెనక టైమర్0 ఉంటుంది. అది 0 నుంచి 255 దాకా లెక్కపెట్టి మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కో అంకెకు 4 మైక్రోసెకన్లు, అంటే చుట్టుకు 1024. లెక్క మొదలైనప్పుడు పిన్ను వెలుగుతుంది, `OCR0A` రిజిస్టరులో మనం రాసిన అంకె దాటగానే ఆరుతుంది. అందులో 127 రాస్తే 256 అంకెల్లో 128 అంకెలసేపు, సరిగ్గా సగం సమయం, వెలుగుతుంది. ఆ సగమే డ్యూటీ సైకిల్. సున్నా రాసినా ఒక్క అంకెసేపు వెలుగుతుంది కాబట్టి చీకటి గదిలో ఎల్ఈడీ కాస్త మిణుకుమంటూనే ఉంటుంది. పూర్తిగా ఆర్పాలంటే పిన్నును టైమర్ నుంచి విడదీయాలి.

ఈ శాతాల అలవాటుతోనే సర్వో మోటారు దగ్గరికి వెళితే దెబ్బతింటాం. సర్వోకు శాతంతో పనిలేదు. పల్సు ఎంతసేపు నిలిచిందో మాత్రమే కొలుస్తుంది. 20 మిల్లీసెకన్లకు ఒకసారి వచ్చే పల్సు 1.5 మిల్లీసెకన్లు నిలిస్తే కొమ్ము నడిమికి వస్తుంది. శాతంలో అది 7.5. అదే 7.5 శాతాన్ని సుమారు 2 మిల్లీసెకన్ల చుట్టులో ఇస్తే పల్సు 0.15 మిల్లీసెకన్లే అవుతుంది, సర్వో దాన్ని నడిమి స్థానంగా తీసుకోదు.

టైమర్0ను ఎంత నెమ్మది చేసినా ఒక్కో అంకెకు 64 మైక్రోసెకన్లు పడుతుంది. 1 నుంచి 2 మిల్లీసెకన్ల మధ్య పదిహేను మెట్లే దొరుకుతాయి. 90 డిగ్రీలకు పదిహేను మెట్లంటే, మెట్టుకు ఆరేసి డిగ్రీల గెంతు. కొమ్ము కుదుపుతో కదలడం కళ్లకే కనిపిస్తుంది. అందుకే 65535 దాకా లెక్కపెట్టగల టైమర్1ను వాడాలి. 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 8తో భాగిస్తే అంకెకు అర మైక్రోసెకను. 20 మిల్లీసెకన్లకు 40000 అంకెలు, 1.5కు 3000. లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక రెంటిలోనూ ఒకటి తగ్గించి రాస్తాం. పల్సు వచ్చేది 9వ పిన్నులో:

```
DDRB  |= (1 << PB1);
TCCR1A = (1 << COM1A1) | (1 << WGM11);
TCCR1B = (1 << WGM13) | (1 << WGM12) | (1 << CS11);
ICR1   = 39999;
OCR1A  = 2999;
```

`OCR1A` లో 1999 రాస్తే 1 మిల్లీసెకను, 3999 రాస్తే 2. ఇప్పుడు మెట్లు రెండువేలు. ఆ పరిధిలో చాలా సర్వోలు సుమారు 90 డిగ్రీలు తిరుగుతాయి. 180 కావాలంటే అటూ ఇటూ ఇంకా జరపాలి, ఎంతవరకన్నది ఒక్కో మోటారుకు ఒక్కోలా ఉంటుంది. నేనైతే 20 అంకెల చొప్పున, అంటే 10 మైక్రోసెకన్ల చొప్పున, పెంచుతూ చెవి ఒగ్గి వింటాను. కొమ్ము ఆగిపోయాక కూడా గుర్రుమంటుంటే లోపలి అడ్డును తోస్తోందన్నమాట. అలాగే వదిలేస్తే కరెంటు ఎక్కువ లాగి మోటారు వేడెక్కుతుంది. ఆ చప్పుడు ఆగేదాకా అంకె తగ్గించి, అక్కడే హద్దు రాసుకుంటాను.