గార్ల వరుసలు ఎక్కడికి పోయాయి?

2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి విడిగా వచ్చాయి. కాగితం మీద గీతలు మార్చినంత తేలికగా కంప్యూటర్లో వివరాలు మారవు. పైగా ఈ మూడు జిల్లాలూ పాత వరంగల్‌ను కోసిన ముక్కలు మాత్రమే కావు. మహబూబాబాద్‌లోకి గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి వచ్చాయి. భూపాలపల్లిలోకి కాటారం, మహదేవ్‌పూర్ కరీంనగర్ నుంచి వచ్చాయి. చేర్యాల, మద్దూరు వరంగల్ నుంచి సిద్దిపేటకు పోయాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు మళ్లీ విడిపోయింది.

ఇలాంటి మార్పు జరిగినప్పుడు పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి వివరాలు అన్నీ చేరాయో లేదో ఎలా తెలుసుకోవాలి? మొట్టమొదట చేసే పని చాలా పాతకాలపుది: లెక్కపెట్టడం. ఒక్కో టేబుల్లో పాతచోట ఎన్ని వరుసలున్నాయి, కొత్తచోట ఎన్ని ఉన్నాయి అని పక్కపక్కన రాసుకుని, ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగాలి. ధాన్యం మిల్లుకు పంపేటప్పుడు ఇక్కడ ఎక్కించిన బస్తాలూ అక్కడ దింపిన బస్తాలూ సరిచూసుకున్నట్టే.

ఇది బాగా అర్థం కావాలని భూమి రికార్డుల తరహాలో ఒక చిన్న నమూనా వేసుకున్నాను. మండలాల పేర్లు నిజమైనవి, అంకెలన్నీ నేను కల్పించుకున్నవే. పాతది పోస్ట్‌గ్రెస్‌లో ఉంది, కొత్తది మైసీక్వెల్‌లో.

లెక్క మొదలుపెట్టగానే కాలు జారే చోటు ఒకటుంది. ప్రతి టేబుల్లో ఎన్ని వరుసలున్నాయో డేటాబేస్ తన సొంత చిట్టాలో రాసుకుంటుంది. మైసీక్వెల్‌లో అది `information_schema.tables` లోని `TABLE_ROWS`, పోస్ట్‌గ్రెస్‌లో `reltuples`. చూడ్డానికి క్షణం చాలు. కానీ రెండూ అంచనాలే. మైసీక్వెల్ వాళ్ల పుస్తకమే ఈ అంకె అసలు సంఖ్యకు 40 నుంచి 50 శాతం వరకూ దూరంగా ఉండొచ్చని ఒప్పుకుంటుంది. దాంతో పోల్చితే బాగున్న టేబుల్ తప్పుగా, తప్పున్న టేబుల్ బాగున్నట్టుగా కనిపిస్తుంది. పెద్ద టేబుల్ మీద నిమిషాలు పట్టినా సరే `COUNT(*)` తోనే లెక్కించాలి. లెక్కించేంతసేపూ పాతదానిలో కొత్త నమోదులు ఆపాలి. లేకపోతే మీరు లెక్కపెడుతుండగా ఎవరో ఒక వరుస చేర్చి, లేని తేడాను పుట్టిస్తారు.

నా నమూనాలో ఫలితం ఇలా వచ్చింది. గ్రామాల టేబుల్ సరిపోయింది. సర్వే నంబర్ల టేబుల్లో పాతచోట 96,400, కొత్తచోట 96,391. యజమానుల టేబుల్లో 1,31,050 కాస్తా 1,31,036 అయింది. మ్యుటేషన్ల టేబుల్ రెండు చోట్లా 15,204. లాగిన్ల చిట్టా పాతచోట రెండు లక్షల పైన, కొత్తచోట సున్నా. ఈ చివరిదానికి గాబరా పడక్కర్లేదు. పాత లాగిన్లు తేవద్దని ముందే అనుకున్నాం. అందుకే ఏ టేబుల్లో ఎంత తేడా రావాలో లెక్కకు ముందే రాసిపెట్టుకోవాలి. తేడా చూశాక రాసుకునేది లెక్క కాదు, సాకు.

సర్వే నంబర్లలో తొమ్మిది తక్కువ. లక్షకు దగ్గరున్న టేబుల్లో తొమ్మిదిని వెతకాలంటే ముందు దాన్ని మండలాలవారీగా విడగొట్టాలి. సర్వే టేబుల్లో మండలం ఉండదు, గ్రామం ద్వారా పోవాలి:

```sql
SELECT v.mandal_id, COUNT(*)
FROM survey s
JOIN village v ON v.id = s.village_id
GROUP BY v.mandal_id;
```

రెండు చోట్లా ఇదే నడిపితే మిగతా మండలాలన్నీ సరిపోయి, జనగామ జిల్లా రఘునాథపల్లి ఒక్కదానిలోనే ఆ తొమ్మిది తక్కువని తేలింది. అప్పుడు ఆ మండలం వరుసల గుర్తింపు సంఖ్యలు మాత్రం రెండు వైపులా తీసి, పాతచోట ఉండి కొత్తచోట లేనివి ఏరాను. ఆ తొమ్మిదింటిదీ ఒకే జబ్బు. ఒకే గ్రామంలో `112/A` అని ఒక వరుస, `112/a` అని ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్‌కు ఈ రెండూ వేరు. మైసీక్వెల్ మామూలు అమరికలో పెద్ద ఏ, చిన్న ఏ ఒకటే. గ్రామం, సర్వే నంబరు కలిపి ఒక్కసారే రావాలన్న నియమం కొత్త టేబుల్ మీద ఉంది కాబట్టి రెండో వరుసకు చోటు దొరకలేదు.

మరి తప్పు అని అరవలేదేం? ఎక్కించే ప్రోగ్రాం `INSERT IGNORE` వాడింది. సగంలో ఆగిపోయి మళ్లీ నడిపినా గొడవ చేయకూడదని అలా రాస్తారు. చేరని వరుసను అది ఒక హెచ్చరికగా మార్చి పక్కన పెట్టేస్తుంది. ఆ హెచ్చరికలు చదివేవాళ్లు తక్కువ. యజమానుల టేబుల్లో పోయిన 14 కూడా దీని పుణ్యమే. ఆ తొమ్మిది సర్వే నంబర్లకు మొత్తం 14 మంది యజమానులున్నారు. సర్వే నంబరే లేకపోతే దాని మీద ఆధారపడ్డ యజమాని వరుసనూ డేటాబేస్ తీసుకోదు. తేడా రెండు టేబుళ్లలో కనిపించినా తప్పు ఒక్కటే. అందుకే దిద్దుబాటు ఎప్పుడూ పై టేబుల్ నుంచి మొదలుపెట్టి, మళ్లీ లెక్కపెట్టాలి.

నాకు నిజంగా భయం వేసింది మాత్రం లెక్క సరిపోయిన మ్యుటేషన్ల టేబుల్ చూసి. 15,204కు 15,204. చాలామంది ఇక్కడ టిక్కు పెట్టి ముందుకు పోతారు. జిల్లా, మండలాలవారీగా విడగొడితే గార్లలో పాతచోట 412, కొత్తచోట సున్నా. నెల్లికుదురులో 388 ఉండాల్సినవి 800.

ఏం జరిగిందంటే, నమూనాలో పాత మండలం కోడ్‌లు జిల్లా లోపల మాత్రమే వేరుగా ఉన్నాయి. ఖమ్మంలో 14 అంటే గార్ల. వరంగల్‌లో 14 అంటే నెల్లికుదురు. పాత కోడ్‌కు కొత్త కోడ్ చెప్పే జాబితాలో జిల్లా పేరు లేదు. 14కు మొదట గార్ల రాశారు, కింద ఎక్కడో 14కు నెల్లికుదురు వచ్చి దాన్ని తుడిచేసింది. మిగతా టేబుళ్లు గ్రామం ద్వారా, ఈ కోడ్‌తో సంబంధం లేని `mandal_id` తో మండలాన్ని చేరుకుంటాయి కాబట్టి బతికిపోయాయి. మ్యుటేషన్ల టేబుల్ ఒక్కటే మండలం కోడ్‌ను నేరుగా దాచుకుంది. ఒక్క వరుసా పోలేదు, ఒక్కటీ పెరగలేదు. అన్నీ వేరే ఊరి చిరునామాకు చేరాయి, అంతే. మొత్తం లెక్క ఈ తప్పును ఎప్పటికీ పట్టుకోలేదు. వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన మండలాలు ఒకచోట కలిసే మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి చోట్ల ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి మండలానికీ దేశమంతటికీ ఒక్కటే కోడ్ ఉంటుంది. పోల్చే జాబితాను దాని మీద కడితే రెండు 14లు ఢీకొనవు.

విడగొట్టి లెక్కపెట్టినా పట్టుబడనివి ఇంకా మిగులుతాయి. వరుస చేరింది గానీ అందులో విస్తీర్ణం దశాంశాలు కోసుకుపోయి చేరితే, పేరు చివర సగం తెగిపోతే, లెక్కకు అది నిండు వరుసే. అక్కడికి విస్తీర్ణాల మొత్తం కట్టి పోల్చాలి, పేర్ల పొడవులు కూడి పోల్చాలి.

జాబితా దిద్ది, మ్యుటేషన్ల టేబుల్ ఖాళీ చేసి మళ్లీ నడిపితే గార్ల వరుసలు పది నిమిషాల్లో సొంతూరు చేరాయి. రఘునాథపల్లి తొమ్మిది అలా కాదు. `112/A`, `112/a` నిజంగా రెండు భూముక్కలా, లేక ఒకే ముక్కను ఇద్దరు ఆపరేటర్లు రెండుసార్లు ఎక్కించారా అన్నది ఏ కౌంటూ చెప్పదు. అసలు రికార్డులో ఇలాంటివి దొరికితే పహాణీ తీసి చూడాల్సిందే.