వార్తల్లో పదం: పది డెసిబెల్స్ హద్దు

పక్కింటి శబ్దంపై అధికారికంగా ఫిర్యాదు చేయడానికి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన గీత ఇది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. దీన్ని పది డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటితే ఫిర్యాదు చెల్లుతుంది. రాత్రి ఆంక్షల ఉల్లంఘనైతే ఈ లెక్కే అక్కర్లేదు.

భిలాయిలో చిక్కంతా పగలే. ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి పడుకునే వేళకు పై ఫ్లాట్‌లో గ్రైండర్ తిరుగుతుంది. పగటి నిద్రకు చట్టంలో వేరే పరిమితి లేదు; ఆ మోత 65కు చేరకపోతే ఫిర్యాదు నిలవదు. పైగా గ్రైండర్ అదురు గాలిలో కన్నా శ్లాబు గుండా దిగుతుంది, మీటరుకు సరిగా అందదు. అందుకే ఇక్కడ మాటే మొదటి మందు: షిఫ్టుల పట్టిక చూపించి, గ్రైండర్ కింద మందపాటి రబ్బరు షీటు వేయమని అడగడం.

వినకపోతే తేదీ, వేళ, ఎంతసేపు అన్నది రాసిపెట్టుకుని సొసైటీకి లేఖ ఇవ్వాలి. ఆ తర్వాతే దుర్గ్ జిల్లా కలెక్టరుకో, ఇందుకు నియమితుడైన, డీఎస్పీకి తగ్గని హోదా గల పోలీసు అధికారికో రాతపూర్వక ఫిర్యాదు.