మీకు ఎంత పడింది?

మా బాబాయి గుంటూరులో ఉన్న ఇల్లు అమ్మాలనుకున్నప్పుడు క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో ఒక లెక్క వేసుకున్నాడు. 2010 జులైలో 30 లక్షలకు కొన్నాడు. 2026 జనవరిలో కోటీ పది లక్షలకు బేరం కుదిరింది. లాభం 80 లక్షలు. నూటికి పన్నెండున్నర చొప్పున పన్ను పది లక్షలు. ఆ పది లక్షల కింద రెండు గీతలు గీసి, రెండు రోజులు అన్నం సహించక తిరిగాడు.

మూడో రోజు ఆ కాగితం పట్టుకుని ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన దాన్ని చూసి పక్కన పెట్టేశారు.

"ఈ ఇల్లు మీకు ఎంత పడిందండీ?"

"ముప్పై లక్షలని రాశాను కదండీ."

"అది అమ్మినాయన చేతికి మీరిచ్చింది. మీకు ఎంత పడింది?"

చీర కొన్నా స్కూటర్ కొన్నా మనం ఇలాగే అడుగుతాం. స్కూటర్ షోరూం ధర ఒకటి, అన్నీ కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి పడేది ఇంకొకటి. అమెరికాలో 'కాస్ట్ బేసిస్' అన్నా, మన ఆదాయపు పన్ను చట్టం 'కాస్ట్ ఆఫ్ అక్విజిషన్' అన్నా అడిగేది ఈ పడ్డ ఖరీదునే. పన్ను వేసేది అమ్మిన డబ్బు మీద కాదు, అందులోంచి పడ్డ ఖరీదు తీసేయగా మిగిలిన దాని మీద. కాబట్టి ఈ అంకెలో ఒక రూపాయి మరిచిపోతే, లేని లాభానికి పన్ను కట్టినట్టే.

బాబాయి బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చాడు. దస్తావేజులో స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 2,25,000 ఉంది. ఇల్లు చూపించిన బ్రోకరుకు ఇచ్చిన 25,000కు అప్పటి చెక్కు నంబరు బ్యాంకు పాస్‌బుక్కులో దొరికింది. ఈ రెండూ పెట్టకుండా ఆ ఇల్లు ఆయన పేరు మీదికి వచ్చేది కాదు. అందుకే అవి ఇంటి ఖరీదులో భాగం. 30 లక్షలు కాస్తా 32,50,000 అయింది.

తరవాత ఆడిటర్ గారు ఇంటి మీద పెట్టిన ఖర్చుల గురించి అడిగారు. బాబాయికి హుషారు వచ్చింది. 2016లో మేడ మీద ఒక అంతస్తు వేశాడు, 12 లక్షలైంది. రెండుసార్లు సున్నాలు, రంగులు వేయించాడు. వానాకాలంలో శ్లాబు కారితే పూత పూయించాడు. మోటారు కాలిపోతే వైండింగ్ చేయించాడు. ఏటా ఇంటి పన్ను కట్టాడు. ఆయన చెబుతూ పోతున్నాడు గానీ, ఆడిటర్ గారు రాసుకున్నది మేడ ఒక్కటే.

ఇక్కడే చాలామందికి కోపం వస్తుంది. డబ్బు మాత్రం జేబులోంచే పోయింది కదా అంటారు. చట్టం చూసేది డబ్బు పోయిందా అని కాదు, ఆ ఖర్చు వల్ల ఇంట్లో కొత్తగా నిలిచిపోయినది ఏమిటని. మేడ, కొత్త బోరు, ప్రహరీ గోడ లాంటివి ఇంతకు ముందు లేవు, ఇప్పుడు ఉన్నాయి, ఇంటితోపాటు అమ్ముడుపోతాయి. వాటిని ఇంటి ఖరీదుకు కలుపుకోవచ్చు. సున్నం, రిపేర్లు ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టే ఖర్చులు, ఇంటి పన్ను అందులో ఉన్నందుకు కట్టేది. ఇవి కలవవు. ఎప్పుడూ తగువు తెచ్చేవి గోడకు బిగించిన చెక్క అల్మారాల్లాంటివి. వాటికి బిల్లుండి, గోడ నుంచి ఊడదీయలేనివైతే నేను కలపమనే చెబుతాను. సోఫాలు, మంచాలు మాత్రం ఎంత ఖరీదైనవైనా ఇంటిలో భాగం కావు.

హోంలోన్ వడ్డీ సంగతి కూడా బాబాయి అడిగాడు. ఆ వడ్డీని ఏటా రిటర్నులో చూపించి పన్ను తగ్గించుకుని ఉంటే, అదే వడ్డీని మళ్లీ ఇంటి ఖరీదులో కలపడానికి వీల్లేదు. ఇదివరకు కొందరు అలా రెండుసార్లు వాడుకునేవారు. 2023లో చట్టం మార్చి ఆ దారి మూసేశారు.

ఇక మిగిలింది అమ్మేటప్పటి ఖర్చు. ఈసారి బ్రోకరుకు నూటికి ఒకటి చొప్పున 1,10,000 ఇచ్చాడు. అది ఇంటి ఖరీదులో కలవదు గానీ, వచ్చిన డబ్బులోంచి ముందే తీసేయొచ్చు. అంటే చేతికి వచ్చింది 1,08,90,000. అందులోంచి కొన్నప్పుడు పడ్డ 32,50,000, మేడకు పెట్టిన 12,00,000 తీసేస్తే లాభం 64,40,000. నూటికి పన్నెండున్నర చొప్పున పన్ను 8,05,000. పెన్సిలు లెక్కలోని పది లక్షల నుంచి అప్పుడే దాదాపు రెండు లక్షలు దిగింది. (సర్‌ఛార్జీ, సెస్సు ఇక్కడ పక్కన పెడుతున్నాను. అవి కలిస్తే పన్ను ఇంకొంచెం పెరుగుతుంది.)

కథ అక్కడితో ఆగలేదు. 2010 నాటి రూపాయి, ఇప్పటి రూపాయి ఒకటి కావు కాబట్టి, పాత ఖరీదును ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచుకోనిచ్చే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని ఇండెక్సేషన్ అంటారు. 2024 జులై 23 నుంచి దాన్ని తీసేసి, పన్ను రేటును 20 నుంచి 12.5 శాతానికి తగ్గించారు. గొడవ అయ్యాక ఒక వెసులుబాటు ఇచ్చారు. ఆ తేదీకి ముందే కొన్న స్థలం, ఇల్లు అయితే, మన దేశంలో ఉండే వ్యక్తులు రెండు రకాలుగానూ లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు.

ఇందుకోసం ప్రభుత్వం ఏటా ఒక సూచీ అంకె ప్రకటిస్తుంది. 2010-11కు అది 167, 2016-17కు 264, 2025-26కు 376. కొన్న ఖరీదును 376తో గుణించి 167తో భాగించాలి. బాబాయి 32,50,000 అలా 73,17,365 అయింది. మేడ తరవాత వేసింది కాబట్టి దానికి 264తో భాగించాలి. 12 లక్షలు 17,09,091 అయింది. రెండూ కలిపి చేతికొచ్చిన డబ్బులోంచి తీసేస్తే మిగిలింది 18,63,544. దాని మీద 20 శాతం, అంటే 3,72,709. ఇది 8,05,000 కంటే తక్కువ కాబట్టి కట్టాల్సింది ఇదే.

ఆడిటర్ గారు మళ్లీ ఆ క్యాలెండరు కాగితం దగ్గరికి వచ్చారు. కాగితాలేవీ లేకుండా 30 లక్షల మీదే ఇండెక్సేషన్ లెక్క వేసుంటే పన్ను 8,49,102 వచ్చేదని చూపించారు. అంటే ఆ కవరు విలువ 4,76,000 పైచిలుకు. అందులోనూ 2010లో కట్టిన ప్రతి స్టాంపు రూపాయీ ఇప్పుడు రెండుంపావు రూపాయలుగా లెక్కకొచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. అప్పుడు బాబాయి గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టాడు. 2010లో ఆయన నిజానికి ఇచ్చింది 36 లక్షలు. స్టాంపు ఖర్చు కలిసొస్తుందని దస్తావేజులో 30 రాసుకుని, మిగతా ఆరు నగదుగా ఇచ్చాడు. మన వైపు దీన్ని ఎవరూ తప్పుగా కూడా అనుకోరు. "అందరూ రాసినట్టే రాశాం" అంటారు.

ఆడిటర్ గారు తల అడ్డంగా ఊపారు. దస్తావేజు 30 అంటుంటే 36 అని చెప్పుకోవడానికి ఆధారం లేదు. ఉన్నా, ఆరు లక్షలు ఎక్కడివన్న ప్రశ్న వెంటే వస్తుంది. ఆయన క్యాలిక్యులేటరు మీద ఇంకో లెక్క వేశారు. ఆరు లక్షలు ఇండెక్సేషన్‌తో 13,50,898. దాని మీద 20 శాతం 2,70,180. ఆ రోజు స్టాంపులో మిగిలింది 45,000. బాబాయి ఆ రెండు అంకెలనూ చాలాసేపు చూశాడు.

మేడ విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. మేస్త్రికి కొంత నగదు ఇచ్చినా, సిమెంటు, ఇనుము బిల్లులు డైరీ మధ్యలో ఉన్నాయి. చాలా చెల్లింపులు బ్యాంకు ద్వారా వెళ్లాయి. మునిసిపాలిటీ ఆమోదించిన ప్లాను కూడా ఉంది. ఇవి లేకపోయినా మేడ కళ్లెదుట కనిపిస్తుంది కదా అనిపించవచ్చు. కనిపిస్తుంది, కానీ 12 లక్షలని గోడ మీద రాసి ఉండదు. అప్పుడు రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత అంచనా వేయించుకోవాలి, దాని మీద అధికారి ప్రశ్నలకు సిద్ధపడాలి.

తాతల నాటి ఇల్లయితే ఇంకో చిక్కు. వారసత్వంగా వచ్చినదాన్ని మనం కొనలేదు కదా, ఖరీదు సున్నా అనుకుంటారు. అలా కాదు, అంతకు ముందు డబ్బు పెట్టి కొన్నవారికి పడ్డ ఖరీదే మనది. అది 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే, కొన్న ధరకు బదులు ఆ రోజు నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. అయితే ఆ నాటి స్టాంపు డ్యూటీ విలువ దొరికితే అంతకు మించి వేసుకోకూడదు. అందుకే ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత విలువ తెలుసుకుని, తరవాత వాల్యుయర్ దగ్గరికి వెళ్లడం మంచిది. ఇంటి మీద 2001కి ముందు చేసిన పనులు విడిగా లెక్కకు రావు.

బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఈ ఇల్లు వాడికి వారసత్వంగా వచ్చి వాడు అమ్మి ఉంటే, ఇక్కడ నాన్నకు పడ్డ ఖరీదే వాడికీ పడ్డ ఖరీదు. ప్రవాసి కాబట్టి ఇండెక్సేషన్ వెసులుబాటు లేదు, 12.5 శాతమే. అమెరికా లెక్క వేరు. అక్కడ వారసత్వ ఆస్తికి కాస్ట్ బేసిస్ అంటే ఆస్తిపరుడు పోయిన రోజు నాటి మార్కెట్ విలువ. అదే తండ్రి బతికుండగా గిఫ్టుగా రాసిస్తే, అక్కడ కూడా తండ్రి పాత ఖరీదే కొడుకు నెత్తిన పడుతుంది. ఒకే ఇంటికి రెండు దేశాల్లో రెండు లాభాలు వస్తాయన్నమాట.

రిజిస్ట్రేషన్‌కు వారం ముందు కొనే కుర్రాడు ఇంటికొచ్చాడు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, లోన్ మంజూరైంది. "బాబాయ్ గారూ, డాక్యుమెంటులో 90 రాసుకుందామా? మిగతాది క్యాష్ ఇస్తాను" అన్నాడు మొహమాటంగా.

ఇళ్ల లావాదేవీల్లో 20,000 అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చని ఆడిటర్ గారు ముందే చెప్పారు. బాబాయి ఆ మాట ఎత్తలేదు. బల్ల మీదున్న క్యాలెండరు కాగితం తిప్పి, 45,000 పక్కన 2,70,180 అని ఉన్న చోటు చూపించాడు. ఆ అబ్బాయి రెండుసార్లు చదువుకుని, కోటీ పది లక్షలకే డాక్యుమెంటు రాయించమన్నాడు.