‘శ్రద్ధ లేదు’ అని రాస్తే ఏం దిద్దుకోవాలి?

అప్రైజల్ రోజుల్లో టీమ్ లీడ్ ఒక్కో మనిషి ఏడాది పనిని రెండు లైన్లలో తేల్చేయాల్సి వస్తుంది. ఆ హడావిడిలో ఇలాంటి మాటలు పడతాయి: “శ్రద్ధ లేదు. వెంటపడితే తప్ప పని చేయడు.”

చదివిన ఉద్యోగికి తన మీద లీడ్‌కు ఎలాంటి అభిప్రాయం ఉందో అర్థమవుతుంది కానీ, రేపటి నుంచి ఏం మార్చుకోవాలో తెలియదు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించారు. మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. దృష్టి పని మీది నుంచి తన మీదికి మళ్లినకొద్దీ ఫీడ్‌బ్యాక్ ఫలితం తగ్గుతుందని వాళ్లు వివరించారు.

అందుకే తిరగరాసే ముందు లీడ్‌ని ఒక ప్రశ్న అడగాలి: “ఇది రాస్తున్నప్పుడు మీ మనసులో ఉన్న సంఘటన ఏది?” ఒక టెస్టర్ విషయమే అనుకుందాం. లీడ్ గుర్తుచేసుకుంటే తేలింది ఇది: అతను పని ఎగ్గొట్టలేదు. టెస్ట్ డేటా రాక పని ఆగిపోయింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంటే ‘శ్రద్ధ లేదు’ అన్న మాటే తప్పు. ఇప్పుడు నోట్ ఇలా మారుతుంది:

“ఫిబ్రవరి రిలీజ్‌కి టెస్ట్ డేటా రాలేదని మీకు మంగళవారమే తెలిసింది. గురువారం సాయంత్రం నేను అడిగేదాకా చెప్పలేదు. దాంతో రిలీజ్ సోమవారానికి జరిగింది, క్లయింట్‌కి ముందుగా చెప్పే వీలు లేకపోయింది. ఇకపై ఏ పనైనా సగం రోజు మించి ఆగితే, ఎవరి నుంచి ఏం రావాలో ఆ రోజే టీమ్ గ్రూపులో రాయండి. డేటా టీమ్‌లో ఎవరిని అడగాలో ఈ వారం నేను చెబుతాను. రెండు రిలీజ్‌లయ్యాక కలిసి చూద్దాం.”

సందర్భం, చేసిన పని, దాని ప్రభావం అనే ఈ వరుసను అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ ప్రచారంలోకి తెచ్చింది. ఇకపై ఏం చేయాలో, లీడ్ ఏం సాయం చేస్తారో నేను దానికి కలిపాను. ఆ రెండూ లేకపోతే నోట్ నేరారోపణ దగ్గరే ఆగిపోతుంది.

మరీ మెత్తగా రాసినా నష్టమే. “కమ్యూనికేషన్ మెరుగుపరచుకుంటే బాగుంటుంది” అన్న వాక్యం ఎవరినీ నొప్పించదు, ఎవరికీ దారి చూపదు. తర్వాత తక్కువ రేటింగ్ వస్తే ఆ ఉద్యోగి మోసపోయినట్టు బాధపడతాడు. రిలీజ్ ఆలస్యమైందన్న నిజం నోట్‌లో ఉండి తీరాలి. లీడ్‌కు ఒక్క సంఘటనే గుర్తుంటే ఒక్కటే రాయాలి, ‘ఎప్పుడూ ఇంతే’ అనకూడదు. ఒక్కటీ గుర్తురాకపోతే ఆ లైన్ కొట్టేయాలి. తిరగరాసేవారు సొంతంగా సంఘటన కల్పించకూడదు.

ఇలా రాసిన నోట్‌కి ఉద్యోగి జవాబు చెప్పగలడు. “బుధవారం ఉదయమే మెయిల్ పెట్టాను, చూడండి” అని అతను చూపిస్తే, లీడ్ నోట్ దిద్దాలి, రేటింగ్ కూడా మళ్లీ చూడాలి.