99.9 శాతం చొక్కా, పది ఉతుకుల తర్వాత

జిమ్ముకీ, నడకకీ వేసుకునే పాలిస్టర్ టీషర్టు కొన్నప్పుడు మెడ దగ్గర చిన్న చీటీ ఒకటి వేలాడుతుంటుంది. చెమట వాసన రానివ్వదనీ, 99.9 శాతం బ్యాక్టీరియాను అరికడుతుందనీ, 50 ఉతుకుల దాకా పనిచేస్తుందనీ దాని మీద ఉంటుంది. ఈ మాటలు చాలావరకు ప్రయోగశాలలో ఒక బట్టముక్క మీద చూసి చెప్పినవి. కొనేవాళ్ళు మాత్రం వాటిని తమ ఒంటి వాసన గురించి ఇచ్చిన హామీగా చదువుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. ఒళ్ళంతా ఊరే చెమట నీళ్ళూ ఉప్పూను. చంకల్లో ఉండే మరో రకం గ్రంథుల నుంచి మాత్రం కొవ్వులూ ప్రొటీన్ల అంశాలూ కలిసిన ద్రవం వస్తుంది. అక్కడ కాపురముండే బ్యాక్టీరియా దాన్ని తిని, గంధకం కలిసిన ఘాటైన పదార్థాలను వదులుతుంది. స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే జాతికి ఈ పనిలో పెద్ద వాటా ఉంది. అంటే వాసన చాలావరకు పుట్టేది చర్మం మీద, బట్టకు అంటుకునేది తర్వాత.

అంటుకున్నాక నూలుకూ పాలిస్టర్‌కూ తేడా కనిపిస్తుంది. నూలు నీటిని పీల్చుకుంటుంది, ఉతికినప్పుడు నీళ్ళు పోగు లోపలికి వెళ్తాయి. పాలిస్టర్‌కు నీరు గిట్టదు, జిడ్డంటే ఇష్టం. ఒంటి జిడ్డూ, అందులో కరిగిన వాసన పదార్థాలూ దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 26 మందితో వ్యాయామ సైకిళ్ళు తొక్కించి, విప్పిన చొక్కాలను 28 గంటలు ఉంచి వాసన చూపించారు. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో నూలు కంటే పాలిస్టర్ చొక్కాలే ఎక్కువ కంపుకొట్టాయి. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరిగినట్టు కూడా తేలింది. వాసన రానివ్వని పూతలు ఆటల దుస్తుల మీద ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ పూతల్లో బాగా వాడుకలో ఉన్నది వెండి. మిల్లులో బట్టను వెండి లవణం, దాన్ని పట్టి ఉంచే జిగురు కలిపిన నీటి తొట్టిలో ముంచి, రోలర్ల మధ్య పిండి, వేడి గదిలో ఆరబెట్టి గట్టిపరుస్తారు. నూలు చీరకు గంజి పెట్టినట్టే ఇది కూడా పోగు పైన ఉండే పొర. కొందరు తయారీదారులు ఇంకో దారి పడతారు. పాలిస్టర్‌ను కరిగించి దారం తీసేటప్పుడే వెండి కలిసిన పొడిని అందులో వేస్తారు. అప్పుడు వెండి దారం లోపలే ఉంటుంది. ఖర్చు పెరుగుతుంది కానీ ఉతుకులకు బాగా నిలుస్తుంది.

వెండి పనిచేసే తీరు తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. తడి తగిలినప్పుడు వెండి నుంచి అయాన్లు కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతాయి. అవి బ్యాక్టీరియాలో గంధకం ఉన్న ప్రొటీన్లను పట్టుకుని దాని జీవక్రియను ఆపేస్తాయి. బట్టలోంచి కొంత వెండి బయటికి రాకపోతే బ్యాక్టీరియా చావదు. వచ్చిందంటే ఆ మేరకు నిల్వ తగ్గినట్టే. చెమట తడిలో కొంత తగ్గుతుంది, ఉతికే నీళ్ళలో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. వెండి పూత ఎంత బాగా చేసినా ఖర్చయిపోయే సరుకే.

ఎంత వేగంగా ఖర్చవుతుందన్నది పూత వేసిన పద్ధతిని బట్టి ఉంటుంది. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో బెన్, వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు వెండి కలిపినట్టు అమ్ముతున్న ఆరు రకాల సాక్సులను మామూలు నీటిలో ఉతికి చూశారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల్లో ఒక రకం సాక్సులో గ్రాముకు 1360 మైక్రోగ్రాముల దాకా వెండి ఉంది. అర లీటరు స్వేదన జలంలోకి 650 మైక్రోగ్రాముల దాకా దిగింది. ఒక్కో రకం ఒక్కోలా వెండిని వదిలింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్ పరిశోధకులు తొమ్మిది రకాల బట్టలు తీసుకుని చూస్తే, ఒక్క ఉతుకులో పోయిన వెండి 1 శాతం కంటే తక్కువ నుంచి 45 శాతం వరకు ఉంది. బట్టలకు తగిలే రాపిడి చాలా వెండిని ముక్కలుగా ఊడబెరికింది. బ్లీచ్ కలిస్తే వెండి మరింత త్వరగా కరిగింది.

లెక్క వేసి చూద్దాం. ఉతుకుకు 5 శాతం చొప్పున పోతుందనుకుంటే, పది ఉతుకుల తర్వాత వెండి 60 శాతం మిగులుతుంది. ఇరవై ఉతుకులకు 36 శాతం, యాభైకి 8 శాతం కూడా మిగలదు. వారానికి రెండుసార్లు ఉతికే చొక్కాకు యాభై ఉతుకులంటే ఆరు నెలలు. చీటీ మీది 50 నిజం కావాలంటే మొదట్లోనే వెండి చాలా ఎక్కువ వేసి ఉండాలి, లేదా దాన్ని దారం లోపల దాచి ఉండాలి.

ఆ 50 ఉతుకుల పరీక్ష జరిగే తీరూ తెలుసుకోవాలి. అమెరికన్ పద్ధతుల్లో ఒకదానిలో చిన్న బట్టముక్కను 49 డిగ్రీల సబ్బునీటిలో, 50 ఉక్కు గుండ్లతో కలిపి ఒక డబ్బాలో 45 నిమిషాలు తిప్పుతారు. దాన్ని ఐదు ఇంటి ఉతుకులకు సమానంగా లెక్కిస్తారు. మన ఇళ్ళలో బండ మీద బ్రష్షుతో రుద్దడం, రాత్రంతా సర్ఫులో నానబెట్టడం, బోరు నీటి కాఠిన్యం, తెల్లవాటికి బ్లీచింగు పొడి ఆ లెక్కలో ఉండవు.

99.9 అన్న అంకె కూడా అలాంటిదే. బట్టముక్క మీద బ్యాక్టీరియా ఉన్న ద్రవం వేసి, 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచి, బతికినవి లెక్కిస్తారు. వాడేవి సాధారణంగా స్టెఫైలోకాకస్ ఆరియస్, క్లెబ్సియెల్లా. చంకల వాసనకు ముఖ్య కారణమైనవి ఇవి కావు. పైగా లక్షలో 99.9 శాతం చచ్చినా వంద బతుకుతాయి. అనువైన చోట అరగంటకోసారి రెట్టింపైతే ఐదు గంటల్లో మళ్ళీ లక్ష. కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు సిల్వర్ క్లోరైడ్ పూసిన పాలిస్టర్‌ను మనుషుల చంకలకు తగిలేలా తొడిగించి పరీక్షించారు. ప్రయోగశాలలో బ్యాక్టీరియాను బాగా చంపిన ఆ బట్ట, ఒంటి మీద వాసనను చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. చర్మం మీద పుట్టి వచ్చిన వాసనను పోగులోని వెండి ఆపలేదు కదా.

చంపకుండా పనిచేసే పూతలూ ఉన్నాయి. పిండి పదార్థం నుంచి తయారయ్యే సైక్లోడెక్స్‌ట్రిన్ అణువుకు నడుమ బోలు ఉంటుంది. వాసన అణువులు అందులో చిక్కుకుంటాయి, ఉతికితే వదిలిపోతాయి. ఉతుకు దాన్ని ఖాళీ చేసి మళ్ళీ పనికి సిద్ధం చేస్తుంది. దాన్ని పోగుకు అతికించిన బంధం నిలిచినంత కాలమే అనుకోండి. వెండి పూతకు నష్టం చేసే నీళ్ళే దీనికి మేలు చేస్తాయి.

నా అభిప్రాయం అడిగితే, రోజూ వేసుకుని రోజూ ఉతుక్కునే చొక్కాకు ఈ పూత కోసం అదనంగా పెట్టే డబ్బు దండగ. రోజుల తరబడి ఉతికే వీలు లేని చోట, కొండలెక్కేటప్పుడో దూర ప్రయాణంలోనో, సాక్సులకు కొంత పనికొస్తుంది. పూత ఉన్న బట్టకు బ్లీచ్ తగలనివ్వకండి, తిరగేసి మెల్లగా ఉతకండి. ఫాబ్రిక్ కండిషనర్ వేయకండి. అది పోగు పైన జిడ్డు పొరలా పరుచుకుని పూతను కప్పేస్తుంది, వాసననూ పట్టి ఉంచుతుంది. పూత ఉన్నా లేకపోయినా, చెమట చొక్కాను బుట్టలో ముద్దగా పడేయకుండా విప్పిన రోజే ఉతికి, గాలి తగిలేలా ఆరేయండి.

యూరప్‌లో ఇలాంటి దుస్తుల్లో ఏ రసాయనం వాడారో కొనుగోలుదారుడు అడిగితే 45 రోజుల్లో ఉచితంగా చెప్పాలని అక్కడి బయోసైడ్ నిబంధన చెబుతోంది. ఇక్కడ కొనేటప్పుడు మీరూ అడగండి: ఏ మందు వాడారు, దారం లోపలా పైనా, ఎన్ని ఉతుకుల తర్వాత పరీక్షించారు? జవాబు రాకపోతే ఆ చీటీకి డబ్బు ఇవ్వకండి.